ఇద్దరా, ముగ్గురా?

గణితంలో బర్చ్–స్విన్నర్టన్-డయర్ కంజెక్చర్ అని ఒకటుంది. 2000లో క్లే మాథమాటిక్స్ ఇన్‌స్టిట్యూట్ ఒక్కోదానికి పది లక్షల డాలర్ల చొప్పున బహుమతి ప్రకటించిన ఏడు సమస్యల్లో అదీ ఒకటి. ఇప్పటికీ తేలలేదు. లోపలి గణితం జోలికి నేను వెళ్లను, నా ప్రశ్న చాలా చిన్నది. ఆ పేరులో ఎంతమంది మనుషులున్నారు?

ఇద్దరు. ఒకరు బ్రయన్ బర్చ్, ఇంకొకరు పీటర్ స్విన్నర్టన్-డయర్. 1960ల మొదట్లో కేంబ్రిడ్జ్‌లో కంప్యూటర్ మీద లెక్కలు వేయించి, వచ్చిన అంకెలను చూసి ఈ ఊహ చేశారు. వాళ్ల గురించి ఏమీ తెలియకపోయినా జవాబు ఆ పేరులోనే ఉంది. మొదటి గీత కొంచెం పొడుగు, రెండోది పొట్టి. పొడుగు గీత ఇద్దరు మనుషుల మధ్య ఉంది, పొట్టి గీత ఒకే మనిషి ఇంటిపేరు లోపల ఉంది. (మీ తెరమీద రెండూ ఒకేలా కనబడుతుంటే తప్పు మీది కాదు, ఫాంటుది.) రెండు చోట్లా ఒకే గీత పెడితే ముగ్గురు గణితవేత్తలు పుడతారు. అలా పుట్టిన ముగ్గురిని చాలా వ్యాసాల్లో చూశాను. క్లే సంస్థ మాత్రం తన జాబితాలో గీత గొడవ లేకుండా ఇద్దరి మధ్యా 'అండ్' పెట్టేసి ఊరుకుంది. తెలివైన పని.

పొట్టిది హైఫన్, మధ్యది ఎన్‌డాష్, పొడుగుది ఎమ్‌డాష్. స్టైల్ పుస్తకాలు వీటిని పొడవు ప్రకారం పరిచయం చేసి, ఒక్కోదాని కింద ఓ పాతిక నియమాలు రాస్తాయి. అవి చదివి గుర్తుపెట్టుకున్నవాళ్లు నాకు తారసపడలేదు. నా అభిప్రాయంలో అక్కడ మొదలుపెట్టడమే పొరపాటు. పొడవు అనేది పైకి కనిపించే గుర్తు మాత్రమే. అసలు తేడా రెండు మాటల మధ్య ఉన్న సంబంధంలో ఉంది. ఆ సంబంధాన్ని విడదీసి చూడ్డం తెలుగు మీడియంలో చదివిన ప్రతివాడికీ ఎనిమిదో తరగతికల్లా నేర్పేశారు. సమాసాలు గుర్తున్నాయా?

సమాసం ఏదో తేల్చడానికి విగ్రహవాక్యం చెప్పమనేవారు. 'రామలక్ష్మణులు' అంటే రాముడూ లక్ష్మణుడూ, కాబట్టి ద్వంద్వం. 'రాజభవనం' అంటే రాజు యొక్క భవనం, తత్పురుష. ఇంగ్లీషు గీతలకీ ఇదే పరీక్ష పెట్టండి. బోస్–ఐన్‌స్టైన్ స్టాటిస్టిక్స్ అంటే బోసూ ఐన్‌స్టైనూ, ద్వంద్వం, కనుక ఎన్‌డాష్. హైదరాబాద్–విజయవాడ హైవే అంటే హైదరాబాద్ నుంచి విజయవాడకి, ఎన్‌డాష్. ఇండియా–ఆస్ట్రేలియా మ్యాచ్ అంటే ఒకరి మీద ఒకరు, అక్కడా ఎన్‌డాష్. విగ్రహవాక్యంలో 'మరియు', 'నుంచి', 'మీద' వచ్చి, రెండు మాటలూ సమాన హోదాలో నిలబడితే మధ్య గీత. ఒక మాట ఇంకోదానికి లొంగి, రెండూ కలిసి ఒకే విశేషణమో ఒకే పేరో అయిపోతే హైఫన్. మ్యాన్-ఈటింగ్ షార్క్ అంటే మనుషుల్ని తినే షార్క్. బ్లూ-ఐడ్ బాయ్ అంటే నీలి కళ్లు గలవాడు, అచ్చమైన బహువ్రీహి.

భౌతికశాస్త్రం చదివినవాళ్లకి లెన్నర్డ్-జోన్స్ పొటెన్షియల్ తెలిసే ఉంటుంది. ఇద్దరు శాస్త్రవేత్తల పేరులా వినిపిస్తుంది గానీ ఒక్కడే. జాన్ జోన్స్ 1925లో కాథ్లీన్ లెన్నర్డ్‌ని పెళ్లి చేసుకుని, ఆమె ఇంటిపేరుని తన పేరుకి ముందు చేర్చుకున్నాడు. అక్కడున్న హైఫన్ ఒక పెళ్లి. దాన్ని లాగి ఎన్‌డాష్ చేస్తే మొగుడూ పెళ్లాం విడిపోయి, ఇద్దరు సహ పరిశోధకులవుతారు.

ఒకే గీతతో రెండు పనులూ చేయించుకుంటే ఏమవుతుందో తోకచుక్కల్ని అడగాలి. వాటికి కనిపెట్టినవాళ్ల పేర్లు పెట్టి, ఒకరి కంటే ఎక్కువమంది ఉంటే మధ్య హైఫన్ పెట్టడం అంతర్జాతీయ ఖగోళ సంఘం పద్ధతి. 1986లో స్టీఫెన్ సింగర్-బ్రూస్టర్ అనే ఒకే ఒక్క మనిషి ఒక తోకచుక్కని కనిపెట్టాడు. అతని పేరు ఉన్నదున్నట్టు పెడితే సింగర్, బ్రూస్టర్ అని ఇద్దరనుకుంటారు. అందుకని ఆ తోకచుక్క పేరులో హైఫన్ పీకేసి సింగర్ బ్రూస్టర్ అని ఖాళీ వదిలారు. మధ్య గీతని వాడి ఉంటే తీరిపోయేదానికి, ఒక మనిషి తన ఇంటిపేరులో గీత పోగొట్టుకున్నాడు.

సమాసం విడదీయడంలో తేడా వస్తే ఏమవుతుందో మన పాత కథల్లోనూ ఉంది. ఇంద్రుడిని చంపేవాడు పుట్టాలని త్వష్ట హోమం చేస్తూ 'ఇంద్రశత్రు' అన్నాడు. స్వరం చివర పెట్టి పలికితే తత్పురుష, ఇంద్రుడిని చంపేవాడు. మొదట పెట్టి పలికితే బహువ్రీహి, ఇంద్రుడే తనను చంపేవాడుగా గలవాడు. స్వరం తప్పింది. వృత్రుడు పుట్టాడు, ఇంద్రుడి చేతిలో చచ్చాడు. నోటితో చెప్పేటప్పుడు స్వరం చేసే పనిని కాగితం మీద ఏదో ఒకటి చెయ్యాలి కదా. ఇంగ్లీషులో ఆ పని గీత మీద పడింది.

ఎంత పడిందో చూడ్డానికి నాకు బాగా నచ్చే ఉదాహరణ 'ట్వంటీ ఫోర్ అవర్ షిఫ్ట్స్'. గీతల్లేకుండా రాస్తే దీనికి మూడు అర్థాలు. ట్వంటీ-ఫోర్-అవర్ షిఫ్ట్స్ అంటే రోజంతా సాగే షిఫ్టులు, ఎన్నో తెలీదు. ట్వంటీ ఫోర్-అవర్ షిఫ్ట్స్ అంటే నాలుగేసి గంటల షిఫ్టులు ఇరవై, మొత్తం ఎనభై గంటలు. ట్వంటీ-ఫోర్ అవర్-లాంగ్ షిఫ్ట్స్ అంటే గంటసేపు షిఫ్టులు ఇరవై నాలుగు. రోస్టర్ వేసే మనిషికి ఇది వ్యాకరణ సమస్య కాదు, ఎవరు ఇంటికెళ్తారన్న సమస్య.

తెలుగులో ఈ ఇబ్బంది ఎంత ఉంటుంది? సగం. గంటసేపు షిఫ్టులైతే 'గంట షిఫ్టులు' అనాలి, నాలుగు గంటలవైతే 'గంటల షిఫ్టులు' అనాలి. ఆ ఒక్క 'ల' మూడో అర్థాన్ని ముందే పక్కకి తప్పిస్తుంది. మిగతా రెండూ అలాగే ఉండిపోతాయి. 'ఇరవై నాలుగు గంటల షిఫ్టులు' అన్నప్పుడు ఇరవై దగ్గర ఆగామా లేదా అన్నది చదివేవాడికి తెలీదు. విభక్తులున్నాయి కాబట్టి తెలుగుకి గీతల గొడవ లేదని కొందరంటారు. పూర్తిగా నిజం కాదది.

హైఫన్ విషయంలో మిగతా నియమాలన్నీ ఈ ఒక్క అవసరంలోంచే వచ్చాయి, అదేంటంటే చదివేవాడు తప్పుచోట ఆగకూడదు. అందుకే నామవాచకానికి ముందొస్తే వెల్-నోన్ రైటర్, తర్వాతొస్తే 'ద రైటర్ ఈజ్ వెల్ నోన్', గీత లేదు. వెనకాల వచ్చినప్పుడు పొరబడటానికి అక్కడ ఇంకో మాటే లేదు. న్యూలీ బిల్ట్ హౌస్‌కి కూడా గీత అక్కర్లేదు. 'న్యూలీ' క్రియావిశేషణం, ఇంటికి ఎలాగూ అతుక్కోలేదు. కానీ ఫ్యామిలీ-ఓన్డ్ హోటల్‌కి కావాలి, ఎందుకంటే 'ఫ్యామిలీ' చివర 'లీ' వినిపించినంత మాత్రాన అది క్రియావిశేషణం కాదు. నియమాన్ని బట్టీ పట్టినవాడు ఇక్కడ దొరికిపోతాడు, కారణం తెలిసినవాడు దొరకడు.

ఇక మధ్య గీత మీద స్టైల్ పుస్తకాలు మరీ ఎక్కువ భారం మోపాయని నేననుకునే చోటు ఒకటుంది. 'పులిట్జర్ ప్రైజ్' అని రెండు మాటలున్న పేరుకి 'విన్నింగ్' తగిలించాలి. హైఫన్ పెడితే అది పక్కనున్న 'ప్రైజ్'ని మాత్రమే పట్టుకుంటుంది. ప్రైజ్-విన్నింగ్ ఒక ముద్దగా, పులిట్జర్ విడిగా మిగిలిపోతాయి. అందుకని షికాగో మాన్యువల్ అక్కడ ఎన్‌డాష్ పెట్టమంటుంది, పులిట్జర్ ప్రైజ్–విన్నింగ్ నావెల్. పొడుగు గీత చెయ్యి కూడా పొడుగే, రెండు మాటల్నీ కలిపి పట్టుకుంటుందని దాని లెక్క. తర్కం బావుంది. కానీ ఆ తేడాని గమనించేవాళ్లెవరు? కాపీ ఎడిటర్లు, నాలాంటి ఇద్దరు ముగ్గురు. మామూలు పాఠకుడు పైపై చూపుతో దాటేస్తాడు, అర్థం ఎలాగూ సందర్భంలో దొరుకుతుంది. అసోసియేటెడ్ ప్రెస్ తన స్టైల్‌బుక్‌లో ఎన్‌డాష్‌నే పక్కన పెట్టింది, దాంతో వార్తలేమీ ఆగిపోలేదు. ఇలాంటి చోట గీత మార్చడం కన్నా వాక్యం మార్చడం మేలు. 'పులిట్జర్ గెలిచిన నవల' అని తెలుగు ఎంత హాయిగా చెప్పేస్తుందో చూడండి. ధాతుజ విశేషణం ఉన్న భాష మనది. ఇంగ్లీషు దగ్గర 'దట్ వన్' ఉంది, వాడుకోవచ్చు.

తెలుగు కథల్ని ఇంగ్లీషులోకి తెచ్చేవాళ్ల దగ్గర దీనికి ఎదురు సమస్య కనిపిస్తుంటుంది. మన వాక్యంలో నామవాచకానికి ముందు ఎన్ని విశేషణాలైనా వరసగా నిలబడతాయి. వాటిని అదే వరసలో ఇంగ్లీషులోకి దించి, మధ్యలో హైఫన్లు గుచ్చితే ముళ్లకంపలా తయారవుతుంది. నాలుగు హైఫన్లున్న విశేషణం కనబడితే మూలంలో అక్కడో మంచి వాక్యం ఉండి ఉంటుందని నేను ఊహించుకుంటాను.

ఇంతకీ ఇన్ని గీతలుంటే మన వేళ్ల కింద ఒకటే ఎందుకుంది? టైపురైటర్ మీద జాగా లేక ఒకటే పెట్టారు. 1963లో ఆస్కీ వచ్చినప్పుడు అదే ఒక్క గుర్తుకి హైఫన్, మైనస్ రెండు ఉద్యోగాలూ ఇచ్చారు. యూనికోడ్ దాని పేరే `HYPHEN-MINUS` అని పెట్టుకుంది, నంబరు `U+002D`. ఎన్‌డాష్ `U+2013`, ఎమ్‌డాష్ `U+2014`, నిజమైన మైనస్ `U+2212`. నాలుగూ వేరు వేరు అక్షరాలే, కానీ మూడింటికి మామూలు కీబోర్డు మీద మీట లేదు. విండోస్‌లో `Alt+0150`, మ్యాక్‌లో `Option` పట్టుకుని హైఫన్ కొడితే ఎన్‌డాష్ వస్తుంది. చాలా ఫోన్లలో హైఫన్ మీద వేలు నొక్కి ఉంచితే మిగతావి పైన తేలతాయి. ఈ విషయంలో నాకు అన్నిటికన్నా నిజాయితీగా అనిపించేది లేటెక్:

```
Lennard-Jones
Bose--Einstein
pages 12--18
```

ఒక గీత కొడితే హైఫన్, రెండు కొడితే ఎన్‌డాష్, మూడు కొడితే ఎమ్‌డాష్. రాసేవాడు ప్రతిసారీ ఏ సంబంధం అని ఒక క్షణం ఆలోచించుకోవాల్సి వస్తుంది. వర్డ్ లాంటివి మనల్ని అడక్కుండానే రెండు హైఫన్లని డాష్‌గా మార్చేస్తాయి. అలా మారిన `--help`ని డాక్యుమెంట్‌లోంచి కాపీ చేసి టెర్మినల్‌లో వేస్తే అది పలకదు. మా వృత్తిలో దీని మీద ఒక మధ్యాహ్నం పోగొట్టుకోనివాళ్లు అరుదు.

ఇప్పుడు అంకెల దగ్గరికి వద్దాం. మన పత్రికల్లో అసలు తేడాలన్నీ ఇక్కడే ఉన్నాయి. శ్రీశ్రీ (1910–1983) అన్నప్పుడు ఆ గీత విగ్రహవాక్యం '1910 నుంచి 1983 వరకు'. కాబట్టి ఎన్‌డాష్, రెండు పక్కలా ఖాళీ లేకుండా. ఫోన్ నంబరులోనో ఐఎస్‌బీఎన్‌లోనో వచ్చేది హైఫనే, ఎందుకంటే అక్కడ ఒక అంకె నుంచి ఇంకో అంకెకి ప్రయాణమేమీ లేదు, చదవడానికి వీలుగా ముక్కలు చేశారంతే. ఇంతవరకూ తేలికే. గీతలోనే 'నుంచి', 'వరకు' రెండూ ఉన్నాయి కనుక '1910–1983 వరకు' అని రాస్తే 'వరకు' రెండుసార్లు చెప్పినట్టు. ఇంగ్లీషులో 'ఫ్రమ్ 1910–1983' అనేదీ ఇదే జబ్బు. మాటతో మొదలెడితే మాటతోనే ముగించాలి.

అసలు చిక్కు '1930-40లలో' అనే మాటతో వస్తుంది. సాహిత్య వ్యాసాల్లో ఇది రోజూ కనిపించేదే, 'ఆ ధోరణి 1930-40లలో బలంగా ఉండేది' అంటుంటారు. ఎన్నేళ్లు? 1930 నుంచి 1940 దాకా అనుకుంటే పదేళ్లు. ముప్పయ్యవ దశకమూ నలభయ్యవ దశకమూ అనుకుంటే 1949 చివరిదాకా ఇరవయ్యేళ్లు. చివరి 'ల' బహువచనం కాబట్టి రెండో అర్థమే సరైనదని వాదించొచ్చు. కానీ రాసేవాళ్లు రెండు అర్థాల్లోనూ వాడుతున్నారు, చదివేవాడికి ఏది పట్టుకోవాలో తెలీదు. రెండో ప్రపంచయుద్ధం, స్వాతంత్ర్యం, తెలంగాణ సాయుధ పోరాటం ఆ ధోరణి లోపలికొస్తాయా బయటుంటాయా అన్నది ఈ గీత తేల్చాలి. విగ్రహవాక్యం రాసి చూస్తే దారి దొరుకుతుంది. 'నుంచి' అయితే '1930–1940 మధ్య', 'మరియు' అయితే '1930లలో, 40లలో'. రెండో దానికి గీతే వద్దు, కామా చాలు. ఎన్‌డాష్ వచ్చాక కూడా 'ల' వదలకపోతే గందరగోళం అలాగే ఉంటుంది. గీత సరిగా పెట్టినంత మాత్రాన వాక్యం సరైపోదని దీన్ని చూస్తే తెలుస్తుంది.

దీనికన్నా ఖరీదైనది '2014-15'. మన దగ్గర అది ఆర్థిక సంవత్సరం, ఏప్రిల్ ఒకటి నుంచి మార్చి ముప్పై ఒకటి, పన్నెండు నెలలు. అదే గుర్తుని ఎవరైనా 2014, 2015 రెండేళ్లూ అనే అర్థంలో వాడితే ఇరవై నాలుగు నెలలు. ఇక తెలంగాణ గురించి రాస్తుంటే మూడో లెక్క కూడా ఉంది. రాష్ట్రం 2014 జూన్ 2న ఏర్పడింది కాబట్టి దాని మొదటి 2014-15 పది నెలలే. 2014-15లో ఫలానా శాఖ ఇంత ఖర్చు పెట్టింది అని ఒక వ్యాసం, 2015-16తో పోల్చి ఎంత పెరిగిందో శాతాలు తీసిన ఇంకో వ్యాసం చదివితే, పది నెలల్ని పన్నెండు నెలలతో పోల్చిన సంగతి ఎక్కడా కనబడదు. అంతా ఆ గీత కింద దాక్కుని ఉంటుంది. షికాగో వాళ్లు ఆర్థిక సంవత్సరానికి ఏటవాలు గీత పెట్టి 2014/15 అని రాయొచ్చంటారు. మన బడ్జెట్ పుస్తకాల్లో హైఫన్ పాతుకుపోయింది కనుక అది ఇక్కడ నడవదు. నేనైతే ఇలా చేస్తాను. ఆర్థిక సంవత్సరం ఒకే వస్తువు, ఒకే పేరు, దానికి హైఫన్‌తో 2014-15. రెండు క్యాలెండర్ సంవత్సరాలైతే ఎన్‌డాష్‌తో, అంకెలు కుదించకుండా, 2014–2015. గీతల తేడా కనిపెట్టలేని పాఠకుడికి కూడా అంకెల పొడవు కనిపిస్తుంది.

హద్దులు లోపలా బయటా అన్నది ఇంకో తగాదా. 12–18 పేజీలు అంటే ఆరు కాదు, ఏడు. పన్నెండోదీ చదవాలి, పద్దెనిమిదోదీ చదవాలి. మాకు మాత్రం చేతికి వేరే అలవాటు:

```
len(range(12, 18))   # 6
```

పైథాన్ చివరి అంకెని లెక్కలో వేసుకోదు. కాగితం మీది గీత రెండు చివరల్నీ కలుపుకుంటుంది. వయసుల దగ్గర ఇది బాగా తగులుతుంది. '10–15 ఏళ్లవాళ్లు', '15–20 ఏళ్లవాళ్లు' అని రెండు గుంపులు చేస్తే పదిహేనేళ్ల పిల్ల రెండింట్లోనూ ఉంటుంది. ఇక మైనస్ ఉన్న చోట శ్రేణికి గీత పెట్టనే కూడదు. మైనస్ 5 నుంచి 10 డిగ్రీలు అని మాటల్లో రాయడమే మార్గం, లేకపోతే రెండు గీతల్లో ఏది ఏ పని చేస్తోందో ఎవరికీ తెలీదు.

తెలుగుకి సొంతంగా ఒక అందమైన వెసులుబాటు ఉంది, దాన్ని అంకెల మోజులో పోగొట్టుకుంటున్నాం. 'నాలుగైదు రోజులు' అంటే నాలుగు నుంచి ఐదు వరకు అని కాదు. నాలుగో ఐదో, ఆరైనా ఎవరూ కోర్టుకెళ్లరు. ఐదారు, పదీపన్నెండు, ఇరవై ముప్పై కూడా అంతే, వాటిలో ఉన్నది అంచనా. దాన్నే '4-5 రోజులు' అని రాశామనుకోండి, అంచనా కాస్తా కొలతలా కనిపిస్తుంది. కథలో ఒక ముసలాయన 'ఓ 4-5 రోజుల్లో వస్తా' అంటే, ఆయన గొంతు ఆగిపోయి మందుల చీటీ మాట్లాడినట్టుంటుంది. స్ప్రెడ్‌షీట్‌లో అదే 4-5 కొడితే అది తేదీ అనుకుని మే 4 గానో ఏప్రిల్ 5 గానో మార్చేస్తుంది. దాన్ని మాత్రం తప్పుపట్టలేం, గీతని చూసి తనకు తోచిన విగ్రహవాక్యం చెప్పింది.

ఎమ్‌డాష్ గురించి పెద్దగా చెప్పలేదు, ఎందుకంటే విశేషణాల్లోనూ అంకెల్లోనూ దానికి పనిలేదు. అది మాటల్ని కాదు, వాక్యాన్ని పట్టుకునే గీత. మధ్యలో తెంచి, పక్కమాట చెప్పి, మళ్లీ అందుకుంటుంది. అమెరికాలో ఖాళీల్లేకుండా ఎమ్‌డాష్ వాడతారు. బ్రిటన్‌లో ఎక్కువమంది ఖాళీలతో ఎన్‌డాష్‌నే వాడి సరిపెట్టుకుంటారు. టైపోగ్రఫీ మీద రాబర్ట్ బ్రింగ్‌హర్స్ట్ రాసిన పుస్తకం కూడా ఈ రెండోదాన్నే మెచ్చుకుంటుంది, ఎమ్‌డాష్ విక్టోరియన్ కాలపు బరువని ఆయనకి చిరాకు. తెలుగు అక్షరాల మధ్య నాకూ ఖాళీలున్న ఎన్‌డాషే నచ్చుతుంది. మన అక్షరాలు గుండ్రంగా, కిందికి వత్తులు వేలాడుతూ ఉంటాయి. వాటి మధ్య పొడుగు గీత ఇనపకడ్డీ అడ్డం పెట్టినట్టుంటుంది. అలా వాడేటప్పుడు ఒక్క జాగ్రత్త కావాలి. పక్కనే 1910–1983 లాంటి శ్రేణి ఉంటే దానికి ఖాళీలు ఉండకూడదు, వాక్యం తెంచే గీతకి తప్పకుండా ఉండాలి. రెండింటికీ గీత ఒకటే కాబట్టి అది శ్రేణా విరామమా అన్నది ఆ ఖాళీలే చెప్పాలి.

ఆఖరుగా వెబ్ పత్రికలు నడిపేవాళ్లకి ఒక మాట. పాత సంచికల్లో సగం హైఫన్లు, సగం ఎన్‌డాష్‌లు ఉంటాయి. `grep "1910-1983"` అని వెతికితే ఎన్‌డాష్‌తో రాసినవి ఒక్కటీ దొరకవు. తిరగేసి వెతికినా అంతే. అన్నిటినీ ఒకేసారి ఎన్‌డాష్‌లుగా మార్చేద్దామని ఉబలాటపడకండి. రెండు పక్కలా నాలుగేసి అంకెలున్న చోట్లని ముందు విడిగా తీయండి, అవి దాదాపు అన్నీ శ్రేణులే. నాలుగు అంకెల తర్వాత రెండు అంకెలున్న వాటిని మాత్రం ఒక్కొక్కటీ కంటితో చూడాల్సిందే. అందులో ఏది ఆర్థిక సంవత్సరమో, ఏది దశాబ్దమో, ఏది ఒక కవి రాసిన రెండేళ్ల కాలమో ఆ వాక్యం చదివితే తప్ప తెలీదు.